మెసేజ్ షెడ్యూల్ చేసే యాప్‌కు యాక్సెసబిలిటీ ఆన్ చేయాలా, వద్దా?

క్యారేజీ_కమల (ఖమ్మం)
నేను 63 ఇళ్లకు మధ్యాహ్నం క్యారేజీలు పంపుతాను. తెల్లారి 5 గంటలకు గ్రూపులో ఆ రోజు కూరలు పెట్టాలి, వద్దన్నవాళ్లు ఏడింటిలోపు చెప్పాలి. ఆ టైములో నా చేతులు పిండిలో ఉంటాయి. అందుకని ఒక షెడ్యూల్ యాప్ వేశాను. అది యాక్సెసబిలిటీ ఆన్ చేయమంటోంది. ఫోనేమో "పూర్తి కంట్రోల్" ఇస్తారా అని భయపెడుతోంది. మెసేజ్ పంపడానికి అంత ఎందుకు? ఇవ్వొచ్చా?

గోళీసోడా
రాత్రే పంపేయండి మేడమ్, గొడవ వదిలిపోతుంది.

క్యారేజీ_కమల
రాత్రి పెడితే పొద్దున్నకి మర్చిపోతారు. తొమ్మిదింటికి "ఇవాళ వద్దు" అంటారు. అప్పటికి అన్నం ఉడికిపోయి ఉంటుంది.

చెట్టుకింద_కోడర్
ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ ఇంకో యాప్ లోపలికి వెళ్లలేదు, దేని గది దానిదే. పక్క యాప్‌లు వాడుకోవడానికి వాట్సాప్ ఇచ్చిన దారి ఒక్కటే: చాట్ తెరిచి, టైపింగ్ పెట్టెలో మాటలు నింపి వదిలేయొచ్చు. బ్రౌజర్‌లో ఇది కొట్టి చూడండి:

```
https://wa.me/?text=ఇవాళ పప్పుచారు, బెండకాయ వేపుడు
```

ఎవరికి పంపాలో మిమ్మల్ని అడుగుతుంది, ఎంచుకుంటే మాటలు నిండుతాయి. అక్కడితో ఆగిపోతుంది. పంపే బాణం గుర్తును మనిషే నొక్కాలి. మీ యాప్‌కు కావలసింది ఆ ఒక్క నొక్కుడు. చూపు లేనివాళ్ల కోసం తెర మీది మాటలు చదివి వినిపించే, వాళ్ల బదులు బటన్లు నొక్కే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో ఉంది కదా, యాక్సెసబిలిటీ అంటే అదే, దాన్నే అరువు తెచ్చుకుంటుంది. వాట్సాప్ తెర రాగానే అందులో `com.whatsapp:id/send` అనే బటన్ ఎక్కడుందో వెతికి నొక్కుతుంది. వాట్సాప్ వాళ్లు ఆ పేరు మార్చిన రోజున యాప్ పనిచేయదు. "అప్‌డేట్ తర్వాత ఆగిపోయింది" అని రివ్యూల్లో తిట్లు కనిపించేది అందుకే.

మీది గ్రూపు కాబట్టి ఇంకో అడుగు ఉంది. గ్రూపుకు ఫోన్ నంబర్ ఉండదు. యాప్ మీ కాంటాక్ట్‌ల, గ్రూపుల జాబితా తెరిచి, పేర్లు చదువుకుంటూ వెళ్లి మీ గ్రూపును పట్టుకోవాలి. అంటే ఒక్క బటన్‌తో పని అయిపోదు, జాబితా కూడా చదవాల్సిందే.

రావుగారి_లెక్కలు
అనవసరంగా టెన్షన్ పెడుతున్నారు. వాట్సాప్ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్. మధ్యలో ఎవడూ చదవలేడు. పైగా యాప్ ప్లే స్టోర్‌లో ఉంది, గూగుల్ చూసే పెడుతుంది. నేను రెండేళ్లుగా ఇలాంటిదే వాడుతున్నాను. పుట్టినరోజు శుభాకాంక్షలన్నీ దాంతోనే. ఒక్క పైసా పోలేదు.

చెట్టుకింద_కోడర్
రావుగారూ, తాళం దారిలో ఉంది. ఉత్తరం మీ ఇంటికొచ్చి విప్పాక మీ భుజం మీదుగా ఎవరు చూస్తున్నారన్నది ఇక్కడి ప్రశ్న. మీ కంటికి కనిపించే ప్రతి మాటా అప్పటికే తాళం తీసినదే.

గూగుల్ సంగతికొస్తే, ఇలాంటి యాప్‌లు ఆ అనుమతి ఎందుకు కావాలో రాసిచ్చి, మీకు స్పష్టంగా చెప్పి ఒప్పించుకోవాలన్నది వాళ్ల నియమం. మంచిదే. కానీ 2022లో షార్క్‌బాట్ అనే బ్యాంకు దొంగ సాఫ్ట్‌వేర్ యాంటీవైరస్ వేషంలో ప్లే స్టోర్‌లోనే దొరికింది. అది వాడుకున్నదీ ఈ యాక్సెసబిలిటీనే.

రావుగారి_లెక్కలు
అయినా పాస్‌వర్డ్ కనిపించదు కదా. చుక్కలే వస్తాయి. యూపీఐ పిన్ కూడా అంతే. ఇది మీరు కాదనలేరు.

చెట్టుకింద_కోడర్
పాస్‌వర్డ్ పెట్టె వరకు నిజమే, మామూలుగా చుక్కలే అందుతాయి. అయితే కొన్ని యాప్‌లు తమ సొంత అంకెల కీప్యాడ్ గీసుకుంటాయి. ఆ బటన్లకు పేర్లు పెట్టి ఉంటే ఏది నొక్కారో తెలిసిపోతుంది. అది ఆ యాప్ రాసినవాళ్ల జాగ్రత్తను బట్టి ఉంటుంది. పిన్ వదిలేసినా బ్యాలెన్స్, ఎవరికి ఎంత పంపారు, తెరిచి చూసిన ఓటీపీ మెసేజ్, ఇవేవీ చుక్కలు కావు. స్క్రీన్‌షాట్ తీయనివ్వని బ్యాంకు తెర కూడా దీన్ని ఆపదు. ఆ అడ్డు బొమ్మకే, మాటలకు కాదు.

వెన్నెల_డాలస్
ఐఫోన్‌లో యాక్సెసబిలిటీ అంటే అక్షరాలు పెద్దవి చేసుకోవడం, రంగులు మార్చుకోవడం కదండీ? మా అమ్మ ఫోన్‌లో నేనే ఆన్ చేసి పెట్టాను. అందులో ప్రమాదం ఏముంది?

గోళీసోడా
వెన్నెల గారూ, ఇది ఆండ్రాయిడ్ గోల. ఐఫోన్‌లో వేరే యాప్‌కు ఇలా ఇచ్చే మీటే లేదు.

క్యారేజీ_కమల
అన్నయ్యా, మరి వాట్సాప్ ఒక్కదాన్నే చూడమని చెప్పొచ్చా? ఆ యాప్ వివరాల్లో "వాట్సాప్ మాత్రమే చదువుతాం" అని రాసుంది.

చెట్టుకింద_కోడర్
యాప్ రాసేవాళ్లు అలా కట్టుకోవచ్చు. ఫలానా యాప్‌ల సంగతులే నాకు చెప్పు అని ఫైల్‌లో రాసే వీలుంది. చిక్కేమిటంటే ఆ గీత గీసుకున్నది వాళ్లే, యాప్ నడుస్తుండగా చెరిపేయగలిగేదీ వాళ్లే. మీ ఫోన్ అడిగే ప్రశ్నలో ఆ తేడా కనిపించదు. ఒక్క యాప్ చూసేదానికీ, ఫోనంతా చూసేదానికీ అదే "పూర్తి కంట్రోల్" హెచ్చరిక.

నేనైతే ఇంకోటి చూస్తాను. ప్లే స్టోర్‌లో యాప్ పేజీకి వెళ్లి, దాని గురించి చెప్పే చోట అనుమతుల జాబితా తెరవండి. `have full network access` ఉందా? చదివినదాన్ని బయటికి పంపాలంటే నెట్ కావాలి. నెట్ లేని యాప్‌కు ఆ దారి చాలావరకు మూసుకుపోయినట్టే. చాలావరకు అన్నాను, ఎందుకంటే అది బ్రౌజర్‌ను తెరిచి ఒక లింక్‌లో మాటలు దాచి పంపగలదు. ఇంకో సంగతి, నెట్ అనుమతి మిమ్మల్ని అడిగి తీసుకునేది కాదు. రేపు ఒక అప్‌డేట్‌లో చేర్చినా చెప్పకుండానే వచ్చేస్తుంది.

క్యారేజీ_కమల
చూశాను. ఉంది. ప్రకటనలు కూడా వస్తాయి, నెట్ లేకుండా ఎలా వస్తాయి.

రావుగారి_లెక్కలు
ప్రతి యాప్‌కీ నెట్ ఉంటుంది! అలా అయితే కాలిక్యులేటర్ కూడా తీసేయాలి. కమలగారూ, వీళ్ల మాట విని వ్యాపారం పాడుచేసుకోకండి. ఆన్ చేయండి, ఏమీ కాదు.

క్యారేజీ_కమల
రావుగారూ, నిన్న ఆన్ చేశాను. పొద్దున్న మెసేజ్ పోలేదు. ఫోన్ లాక్‌లో ఉందట. "స్క్రీన్ లాక్ తీసేయండి, బ్యాటరీ సేవింగ్ ఆపండి" అని యాప్‌లో వచ్చింది. లాక్ తీసేశాను. ఇవాళ సరిగ్గా 5 గంటలకు పోయింది.

చెట్టుకింద_కోడర్
లాక్ తీసేశారా? అమ్మా, ఆ ఫోన్‌లోనే క్యారేజీల డబ్బు పడే ఖాతా ఉందా? లాక్ ఉంటే వాట్సాప్ తెర ముందుకు రాదు, నొక్కడానికి బటనే ఉండదు. అందుకే తీయమంటున్నారు. ఎక్కడో ఉన్న హ్యాకర్ సంగతి తర్వాత, ఇప్పుడు వంటింటి గట్టు మీద తాళం లేని ఫోన్ ఉంది. ముందు లాక్ పెట్టండి.

క్యారేజీ_కమల
మీకు చెప్పడం తేలిక. నెలాఖరుకి జీతం పడేవాళ్లు "అది తీసేయండి, ఇది వద్దు" అంటారు. పోయిన నెల రెండు రోజులు మెసేజ్ ఆలస్యమైంది. ఒక రోజు పదకొండు, ఇంకో రోజు తొమ్మిది క్యారేజీలు మిగిలాయి. పారబోశాను. కనపడని దొంగకు భయపడాలా, కనపడే నష్టానికా?

రావుగారి_లెక్కలు
బాగా అడిగారు. కోడర్‌గారి దగ్గర దీనికి జవాబు ఉండదు.

శబ్దలిపి
ఇంతసేపు ఊరుకున్నాను. నాకు చూపు లేదు. ఈ "ప్రమాదకరమైన అనుమతి" లేకపోతే నాకు ఫోన్ అంటే ఒక గాజు పలక. నేను వాడే స్క్రీన్ రీడర్ ఫోన్‌తో వచ్చింది కాదు, బయటి నుంచి వేసుకున్నది, తెలుగు దాంట్లోనే నాకు సుఖంగా వినిపిస్తుంది. నా బ్యాంకు యాప్ తెరిస్తే "మీ ఫోన్‌లో అనుమానాస్పద యాక్సెసబిలిటీ సేవ ఉంది" అని మూసుకుపోతుంది. ఆ సేవ ఆపితే యాప్ తెరుచుకుంటుంది, కానీ తెర మీద ఏముందో నాకు తెలియదు. నా సొంత డబ్బు చూసుకోవడానికి పక్కింటి కుర్రాడికి పిన్ చెప్పాల్సి వచ్చింది.

కమలగారి మీద నాకు కోపం లేదు. పుట్టినరోజు శుభాకాంక్షల కోసం మా తలుపు వాడుకుని "ఏమీ కాదు" అనే రావుగారి మీద ఉంది. ఈ తలుపులోంచి దొంగలు వస్తున్నారని బ్యాంకులు గొళ్లెం వేసుకుంటే బయట నిలబడేది మేమే.

రావుగారి_లెక్కలు
నేను దొంగను కాదండీ. మీ బ్యాంకు చేసిన తప్పుకు నన్ను అంటారేం?

శబ్దలిపి
దొంగ అనలేదు. రెండేళ్లుగా పైసా పోలేదన్నారు. మీది పోలేదు, నిజమే.

చెట్టుకింద_కోడర్
దీనికి గూగుల్ సగం మందు వేసింది. నిజమైన సహాయ యాప్‌లు తమను తాము అలా ప్రకటించుకునే గుర్తు ఆండ్రాయిడ్ 12 నుంచి ఉంది. ఆండ్రాయిడ్ 14 నుంచి ఒక బ్యాంకు తన తెరలోని గుట్టు భాగాలను ఆ గుర్తు ఉన్నవాటికే కనిపించేలా పెట్టుకోవచ్చు. అలా చేస్తే మొత్తం యాప్ మూసేయాల్సిన పని లేదు. అయితే ప్లే స్టోర్ బయట నుంచి వేసుకున్న యాప్ కూడా ఆ గుర్తు తగిలించుకోగలదు. అందుకే బ్యాంకులు నమ్మవు, తేలికగా మూసేస్తాయి. మీ బాధకు నా దగ్గర జవాబు లేదు.

కమలగారికి మాత్రం ఒకటి చెప్పగలను. ఇంట్లో పాత ఫోన్ ఉందా? సిమ్ అక్కర్లేదు. వాట్సాప్‌ను లింక్డ్ డివైస్‌గా దాంట్లో పెట్టొచ్చు, 2023 నుంచి ఫోన్‌కు ఫోన్ కలిపే వీలుంది. షెడ్యూల్ యాప్ దాంట్లోనే వేయండి, లాక్ దాంట్లోనే తీయండి. బ్యాంకు, ఓటీపీ దాంట్లో ఉండవు. మీ చాట్‌లు మాత్రం దాంట్లోనూ కనిపిస్తాయి, ఆ 63 ఇళ్లవాళ్లవి కూడా. అది పోదు. అసలు ఫోన్‌లో 14 రోజులు వాట్సాప్ తెరవకపోతే అది లాగౌట్ అయిపోతుంది.

గోళీసోడా
ఇలా ఆటోమేటిక్‌గా పంపితే వాట్సాప్ నంబర్ బ్లాక్ చేసే అవకాశం కూడా ఉంది, చూసుకోండి.

క్యారేజీ_కమల
పాత ఫోన్ ఉంది, గాజు పగిలింది. సరే, చేస్తాను. ఈ ఫోన్‌లో లాక్ పెట్టాను. ఆపుదామని సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీకి వెళ్తే డౌన్‌లోడ్ చేసిన యాప్‌ల కింద రెండు ఆన్‌లో ఉన్నాయి. ఒకటి షెడ్యూల్ యాప్. రెండోది నాకు తెలియదు, ఏదో వీడియో ప్లేయర్.

చెట్టుకింద_కోడర్
అది ఎవరు వేశారు? ప్లే స్టోర్ నుంచా?

క్యారేజీ_కమల
మా తమ్ముడు వాట్సాప్‌లో పంపాడు, సినిమాలు వస్తాయని.

చెట్టుకింద_కోడర్
ఆన్ చేసేటప్పుడు మూడు చుక్కలు నొక్కి `Allow restricted settings` అనేది ఒప్పుకోమన్నాడా? ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా ప్లే స్టోర్ బయట నుంచి వేసిన యాప్‌లకు యాక్సెసబిలిటీ మీట మామూలుగా మూసే ఉంటుంది.

క్యారేజీ_కమల
అవును, ఫోన్‌లో చెబుతూ నాతోనే నొక్కించాడు.

చెట్టుకింద_కోడర్
డేటా, వైఫై రెండూ ఆపండి. దాని మీట ఆఫ్ చేసి, యాప్ తీసేయండి. మీట దానంతట అదే మళ్లీ ఆన్ అయినా, తీసేయబోతే తెర వెనక్కి వెళ్లిపోతున్నా ఇంకేం ముట్టుకోకుండా ఇక్కడ రాయండి, వేరే ఫోన్ నుంచి. మీ తమ్ముడికి కూడా చెప్పండి, అతని ఫోన్‌లోనూ ఉండి ఉంటుంది.