త్రీ ఆఫ్ స్వోర్డ్స్ వస్తే స్నేహం తెంచుకోమని చెప్పవచ్చా?

హన్మకొండ రీడర్:
నా దగ్గరకు టారో చూపించుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. నిశ్చితార్థం దాకా వచ్చి ఆగిపోయిన పాత సంబంధం గురించి చిన్ననాటి స్నేహితురాలికి ఒక్కదానికే చెప్పుకుంటే, ఆ సంగతి ఇప్పుడు కొత్తగా చూస్తున్న సంబంధం వాళ్ల చెవిన పడిందట. ‘ఇంతవరకు ఏమున్నది, నొప్పి ఎక్కడ ఉన్నది, నేను ఏం చేయాలి’ అని మూడు స్థానాలు ముందే అనుకొని కార్డులు తీశాం. వరుసగా త్రీ ఆఫ్ కప్స్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్, సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చాయి. ‘అయితే దానితో తెంచుకోవాలా అక్కా?’ అని అడిగింది. మళ్లీ రమ్మని పంపాను. మీరైతే ఏం చెబుతారు?

మట్టెవాడ అన్న:
ఇందులో తర్జనభర్జన పడవలసింది ఏమీ కనబడడం లేదమ్మా. కప్పులెత్తి ఆడిన ముగ్గురమ్మాయిల కార్డు పక్కనే గుండెలో దిగిన మూడు కత్తుల కార్డు వచ్చిందంటే స్నేహం మధ్యలోకి మూడో మనిషి వచ్చినట్టే. ఆ పక్కన కత్తులు ఎత్తుకొని నక్కి నక్కి పోయేవాడు స్నేహితురాలు కాక మరెవరు? నమ్మి వచ్చిన పిల్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పకుండా మాటలు చుట్టి పంపడం కూడా ఒక రకంగా మోసమే.

కాజీపేట నుంచి:
అన్నా, అటూ ఇటూ ఉన్న కార్డుల సంగతి వదిలి, నడిమి కార్డును ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి. 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన ఆ బొమ్మలో మనిషి లేడు. కత్తులు పట్టుకున్న చెయ్యి కూడా లేదు. వెనుక మబ్బులు, వాన, నడుమ మూడు కత్తులు దిగిన ఎర్రని గుండె, అంతే. అన్ని కత్తులు దిగినా ఆ గుండె నుంచి ఒక్క రక్తపు చుక్క కారదు. నొప్పి ఏమిటో చెబుతుంది కాని, పెట్టినవాళ్లు ఎవరో ఆ కార్డు చెప్పదు. ఆమెతో ఆ బొమ్మలు గీయించిన వెయిట్ ఆ కార్డుకు రాసిన అర్థాల్లో ఎడబాటు, జాప్యం, చీలిక ఉన్నాయి. మోసం అన్న మాట లేదు. స్నేహితురాలు మోసం చేసిందన్న మాట ఆ అమ్మాయి తనతో తెచ్చుకున్నది, మీరు దానిని కార్డు నోట పెడుతున్నారు.

పైగా స్వోర్డ్స్ అంటే మాట, ఆలోచన. అందుకే ఇటువంటివాళ్లు వచ్చినప్పుడు నేను ఆ కార్డును వాళ్ల చేతికిచ్చి, ఒక్కో కత్తికి ఒక్కో వాక్యం పేరు పెట్టమంటాను. మొదటి కత్తికి జరిగిన సంగతి రాయాలి: ‘పెళ్లివారికి తెలిసిపోయింది.’ రెండో కత్తికి దాన్ని ఎవరు చెప్పారని తాను అనుకుంటున్నదో రాయాలి, పక్కనే అది తెలిసినదా ఊహించినదా అన్నది కూడా రాయాలి. మూడో కత్తికి ఆ సంగతి విన్న క్షణంలో తన గురించి తాను అనుకున్న మాట రాయాలి. చాలామంది అక్కడ ‘నాకు మనుషులను గుర్తుపట్టడం రాదు’ అని రాస్తారు. ఆ తరువాత ఏ కత్తి ఎక్కువ గుచ్చుకుంటున్నదో వేలు పెట్టి చూపమంటే, మోసం చేసిన మనిషిని తిట్టడానికి వచ్చినవాళ్లు తరచుగా మూడోదాని మీద వేలు పెడతారు. స్నేహం తెంచినా ఆ కత్తి అక్కడే ఉంటుంది.

భీమారం జ్యోతిష్యం:
గోల్డెన్ డాన్ అనే పాత ఇంగ్లండ్ రహస్య విద్యల సంఘం వాళ్లు ఈ కార్డుకు తులలో శనిని ఇచ్చారు. మన శాస్త్రంలో శనికి తుల ఉచ్చ స్థానం. ఉచ్చలో ఉన్న గ్రహానికి ఇంత దుఃఖం ఎందుకు అంటగట్టారో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఆ అమ్మాయి జాతకంలో శని ఎక్కడున్నాడో చూసి ముడిపెడితే తేలుతుంది కదా.

కాజీపేట నుంచి:
గురువుగారూ, పాశ్చాత్య జ్యోతిషంలోనూ శనికి తుల ఉచ్చే. తులలోని శని తూకం తప్పనివ్వడు, కనికరించడు అని నేను అనుకుంటాను. నిజం అంత కచ్చితంగా తూగితే దుఃఖం రాకుండా ఉంటుందా? కాని అది కార్డుకు ఇచ్చిన గుర్తు, ఆ అమ్మాయి జాతకం కాదు. రెండింటినీ కలిపి ‘నీకు శని బాగా లేడు, అందుకే స్నేహితురాలు ఇలా చేసింది’ అని చెబితే, ఆమె బాధకు ఇంకో కత్తి చేర్చినవాళ్లమవుతాం.

కరీంనగర్ వ్యాపారి:
నాకూ ఇదే కార్డు వచ్చింది. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన దోస్తు చిట్టీ డబ్బుతో ముఖం చాటేశాడు. డబ్బు ఎప్పుడు తిరిగి వస్తుందో ఈ కార్డు చెబుతుందా?

కాజీపేట నుంచి:
చెప్పదు అన్నా. డబ్బు సంగతికి రసీదులు, రాతకోతలు పట్టుకొని వకీలును కలవండి. ఆ దోస్తు మీద కోపంతో నిద్రపట్టడం లేదంటే అప్పుడు కార్డు దగ్గర కూర్చుందాం.

హన్మకొండ రీడర్:
ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. కత్తులకు పేర్లు పెట్టించాను. రెండో కత్తి దగ్గర ఆగిపోయింది. స్నేహితురాలు చెప్పినట్టు ఎవరూ చూడలేదు. ‘దానికి తప్ప ఎవరికీ తెలియదు’ అన్నదే ఆధారం. కొంచెం సేపటికి తానే, ‘మా చిన్నమ్మకు కూడా తెలుసు’ అన్నది. సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్ గురించి కూడా అడిగాను. ఇంకో అమ్మాయి ద్వారా స్నేహితురాలి వాట్సాప్ మాటల స్క్రీన్‌షాట్లు తెప్పించుకుంటున్నదట, ఏమీ దొరకలేదట.

కాజీపేట నుంచి:
ఆ కార్డు పడిన స్థానం ‘నేను ఏం చేయాలి’ అన్నది కదా అక్కా. అక్కడ నక్కి నక్కి పోతున్న మనిషి అడిగిన అమ్మాయే. అయిదు కత్తులు ఎత్తుకొని, రెండు అక్కడే వదిలి, వెనక్కి చూసుకుంటూ పోతాడు. చాటుగా ఎంత సమాచారం తెచ్చుకున్నా, అసలు అడగవలసిన ప్రశ్న అక్కడే మిగిలిపోతుంది. నేనైతే ఆ కార్డును ‘ఇలా చెయ్యి’ అని కాకుండా ‘ఇప్పుడు చేస్తున్నది ఇది’ అని చదువుతాను. స్క్రీన్‌షాట్లు ఆపి, స్నేహితురాలిని ఎదురుగా కూర్చోబెట్టుకొని, ‘ఈ మాట నీ నోట వచ్చిందా?’ అని ఒక్కటే అడగమని చెబుతాను. అడగడానికి ముందే శిక్ష గురించి మాట్లాడితే నిజం చెప్పేవాళ్లు కూడా చెప్పరు.

మట్టెవాడ అన్న:
నువ్వు చెప్పినదాంట్లో స్థానం మాట ఒప్పుకుంటాను తమ్ముడూ. అయినా ‘నేను చెప్పలేదు’ అని స్నేహితురాలు అబద్ధమాడితే ఈ పిల్ల ఇంకోసారి దెబ్బ తినదా? అడిగించే ముందు ఆ దెబ్బకు కూడా సిద్ధం చేయాలి. నీ కత్తుల లెక్కలో దానికి చోటు లేదు.

కాజీపేట నుంచి:
అది నిజమే, దానికి నా దగ్గర తయారుగా జవాబు లేదు. ఒక పని మాత్రం చేయిస్తాను. అడగడానికి వెళ్లే ముందు, ‘అవును’ అన్నా ‘కాదు’ అన్నా ఆ రోజు సాయంత్రం తాను ఎవరి దగ్గర ఉంటుందో చెప్పించుకుంటాను. ఆమెకు అటువంటి మనిషి ఒక్కరూ లేకపోతే ఆ ప్రశ్నను వాయిదా వేస్తాను. ఇంకొకటి, ‘ఆమె నా గురించి ఏమనుకుంటున్నది’ అని రోజూ కార్డులు తీయమని అడిగితే కార్డులు కట్టిపెట్టండి. అప్పుడు వాళ్లు అడిగేది జవాబు కోసం కాదు, నిన్నటి జవాబు నచ్చక. వారాల తరబడి తిండి, నిద్ర లేకపోయినా, బతకాలని లేదన్నా ఇక టారో పనికిరాదు. మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరు ఇచ్చి, మీ ముందే ఫోన్ చేయించండి.

హన్మకొండ రీడర్:
చిన్నమ్మ దగ్గర ఉంటానన్నది. మాట బయటపడింది ఆ చిన్నమ్మ ద్వారా కూడా కావచ్చు కదా అని నాకు అనుమానం. ఆ మాట నేనే అనాలా, ఆమె అనేదాకా ఆగాలా?

మట్టెవాడ అన్న:
ఆగమ్మా. నువ్వు అంటే అది కూడా కార్డు చెప్పిందనుకుంటుంది.

భీమారం జ్యోతిష్యం:
నేనైతే చెప్పేస్తాను. తెలిసి తెలిసి ఆ ఇంటికి పంపడం సరి కాదు.