అప్‌డేట్: షుగర్ ఉన్న నాకు అంగం కొనన ఎరుపు, మంట – కారణం తెలిసింది

నా పాత ప్రశ్న: "షుగర్ ఉంది. అంగం కొన ఎర్రబడి మంటగా ఉంది. రోజూ సబ్బుతో కడిగినా తగ్గడం లేదు. ఇది సుఖవ్యాధా?"

కాదు. చర్మవ్యాధుల వైద్యుడిని కలవమన్న అందరికీ కృతజ్ఞతలు. దిల్‌సుఖ్‌నగర్‌లో చూపించుకున్నాను. ముందుచర్మం అంచున సన్నని పగుళ్లు, లోపల పెరుగు తరకలాంటి తెల్లని పొర చూసి కాండిడా ఫంగస్ అన్నారు. సుఖవ్యాధుల పరీక్షల్లో ఏమీ లేదు.

ఆయన మొదట అడిగింది నా షుగర్ మాత్రల గురించి. కొత్తగా మొదలైన డాపాగ్లిఫ్లోజిన్ రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపుతుంది. ముందుచర్మం కింద నిలిచిన చుక్కలే ఫంగస్‌కు ఆహారం. అయినా మాత్రను సొంతంగా ఆపవద్దని గట్టిగా చెప్పారు. షుగర్ వైద్యుడు దాన్ని కొనసాగిస్తూనే మిగతా మందులు సవరించారు.

క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము రోజుకు రెండుసార్లు, ఎరుపు పోయినా రెండు వారాలు నిండే వరకు రాయమన్నారు. సబ్బు మంటను పెంచుతుందట. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మూత్రం పోసిన ప్రతిసారీ మెత్తగా అద్ది ఆరనివ్వడమే అసలు శుభ్రత. ఇక్కడ కొందరు సూచించిన స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ దయచేసి ఎవరూ సొంతంగా వాడకండి. ఎరుపును కప్పేసి ఫంగస్‌ను పెరగనిస్తుంది.

నా భార్యకు లక్షణాలు లేవు కనుక మందు అవసరం లేదన్నారు. నాకు పూర్తిగా తగ్గింది. ముందుచర్మం వెనక్కి రాకుండా బిగుసుకున్నా, మళ్లీ మళ్లీ వచ్చినా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.