ముక్క వాసన వేస్తున్న వడియాలు ఎండబెట్టి వాడొచ్చా, పారేయాల్సిందేనా?

కావలి కోడలు: ఏప్రిల్‌లో పెట్టిన గుమ్మడి వడియాలు, ఉప్పు రాసి ఎండబెట్టిన మామిడి ఒరుగులు రెండు స్టీలు డబ్బాల్లో ఉన్నాయి. మొన్నటి తుఫాను వానల తర్వాత తీస్తే వడియాల డబ్బా అడుగున ఆకుపచ్చ, నల్ల మచ్చలు, ముక్క వాసన. పైవి బాగానే ఉన్నట్టున్నాయి. ఒరుగుల మీద తడి మరకలు, తెల్లటి పొడి. ఎండలో పెట్టి వాడుకోవచ్చా?

ఒంగోలు అత్తమ్మ: అంత కష్టపడి పెట్టినవి పారేస్తారా తల్లీ? పొడి గుడ్డతో తుడిచి, వాన వెలిసిన రోజు రెండు ఎండలు తగలనివ్వు. మరిగే నూనెలో ఏ బూజూ బతకదు. మా ఇంట్లో ఎప్పుడూ అంతే.

కనిగిరి రైతు: మాకూ పోయినేడు కందిపప్పుకు పురుగు పట్టింది. ఎండు వేపాకు వేశాం, ఆగిపోయింది. మీరూ వేసి చూడండి.

నెల్లూరు అప్పడాలాయన: రైతు గారూ, ఆమె అడిగింది పురుగు గురించి కాదు, బూజు గురించి. వేపాకు దీనికి పని చేయదు. పచ్చి ఆకైతే ఇంకాస్త చెమ్మ చేరుతుంది.

అత్తమ్మా, మీ మాటలో సగం నిజం. నూనెలో బూజు చచ్చిపోతుంది. కానీ కొన్ని రకాల బూజు పెరిగేటప్పుడు అఫ్లటాక్సిన్ అనే విషం వదులుతుంది. వడియాలు వేయించే వేడికి అది పూర్తిగా పోదు, ఎండకూ పోదు. గుడ్డతో తుడిస్తే పైన కనిపించే పొడే పోతుంది, దాని పోగులు పిండి లోపలికి దిగి ఉంటాయి. అందుకే మచ్చ పడ్డవి తినకండి.

ఒరుగుల సంగతి వేరమ్మా. వాటికి ఉప్పుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని కరుగుతుంది, మన కోస్తాలో కార్తీకంలో అది మామూలే. మళ్లీ ఆరినప్పుడు పైన తెల్లగా పేరుకుంటుంది. కాబట్టి తడి మరక కనిపించగానే చెడిపోయిందనుకోవద్దు. ఒక ముక్క తీసి ఆ తెలుపు మీద నీటిచుక్క వేసి, వేలితో మెల్లగా రాయండి. ఉప్పయితే కరిగి మాయమవుతుంది. బూజయితే తడిసి దూది పోగులా అక్కడే అంటుకుని ఉంటుంది. సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి వేసినా సన్నటి నూగు తెలుస్తుంది.

ఒంగోలు అత్తమ్మ: మా అమ్మ 80 ఏళ్లు బతికింది, ఇవే తిని. పోనీ మనం తినకపోతే గేదెకైనా పెట్టొచ్చుగా?

నెల్లూరు అప్పడాలాయన: గేదెకు అసలు పెట్టకండమ్మా, ఆ విషం పాలలోకి వస్తుంది. మళ్లీ ఆ పాలు తాగేది మన పిల్లలే. ఇది తిన్న మర్నాడే కడుపునొప్పి తెచ్చేది కాదు, ఏళ్ల తరబడి కాలేయం మీద పని చేస్తుంది. అందుకే మన పెద్దలకు ఏమీ కాలేదని చెప్పడం కష్టం.

కోడలు గారూ, ఆ డబ్బా ఎక్కడ పెట్టారు? వడియాలు ఎన్ని రోజులు ఎండాయి?

కావలి కోడలు: వంటగదిలో సిమెంటు గచ్చు మీద, గోడకు ఆనించి. మూడు రోజులు ఎండాయి. సాయంత్రం ఎండలోంచి తీసి అలాగే డబ్బాలో పోసి మూత పెట్టేశాను.

నెల్లూరు అప్పడాలాయన: అక్కడే జరిగింది. మన ఏప్రిల్ ఎండకు గుమ్మడి వడియం పైన త్వరగా గట్టిపడుతుంది, మధ్యలో గుమ్మడి తడి మిగిలిపోతుంది. అన్నిటికన్నా లావుది విరిచి చూడాలి. టప్పున విరిగి, మధ్యలో కూడా అంచులాగే పొడిగా ఉండాలి. వంగినా, మధ్యలో ముదురు రంగు కనిపించినా ఇంకో రెండు ఎండలు పడాల్సిందే. పైగా వేడిగా మూత పెట్టారు, లోపలి ఆవిరి బయటికి పోలేదు. డబ్బా అడుగు చల్లటి గచ్చుకు తగులుతోంది కాబట్టి చెమ్మ అక్కడే చేరింది. ఈసారి నీడలో పూర్తిగా చల్లారనిచ్చి పోసి, డబ్బాను చెక్క మీద పెట్టండి.

గూడూరు టీచర్: మరి పైన ఉన్న మంచి వడియాలు? మచ్చ లేదు, వాసన లేదు. అవీ పారేయమంటే నేను ఒప్పుకోను.

నెల్లూరు అప్పడాలాయన: విషానికి రంగూ వాసనా ఉండవు టీచర్ గారూ. అదే డబ్బాలో ఆరేడు నెలలు ఉన్నాయవి. మా ఇంట్లో అయితే నేను పిల్లలకు పెట్టను. ఉత్తగా మెత్తబడి, మచ్చా వాసనా లేని డబ్బా అయితే మాత్రం ఎండబెట్టి నిక్షేపంగా వాడతాను.

గూడూరు టీచర్: అది మీ జాగ్రత్త. నేనైతే విరిచి చూసి, శుభ్రంగా ఉంటే వేయిస్తాను.

కావలి కోడలు: ఒరుగులు ఒక్కొక్కటీ నీటిచుక్కతో చూశాను. దాదాపు అన్నిటి మీదా తెలుపు కరిగిపోయింది. టెంక పక్కన మందంగా కోసిన రెండు ముక్కల మీద మాత్రం నూగు అలాగే ఉంది, వాటిని తీసేశాను. మిగిలినవి ఎండకు వేశాను. అడుగు వడియాలు గుంట తీసి పూడ్చాను. పైవి వేరే సీసాలో పోసి పక్కన పెట్టాను, మా అత్తగారు వేయించమంటున్నారు, నాకింకా మనసు ఒప్పడం లేదు.