"చెన్నైని ముంచిన", "నీట మునిగిన చెన్నై": రెండూ ఒకటేనా?

శ్రావణి: అందరికీ నమస్కారం. నేను చెన్నైలో జర్నలిజం పీజీ చదువుతున్నాను. ప్రాజెక్టుకి 2023 డిసెంబరు తుపాను వార్తలు తీసుకున్నాను. రెండు ఇంగ్లిష్ పత్రికలు, రెండు తెలుగు పత్రికలు, డిసెంబరు 3 నుంచి 9 దాకా. ఒకే సంఘటనను ఎవరు ఎలా చెప్పారో చూడాలి. ప్రతి శీర్షికకీ కొన్ని అవును, కాదు ప్రశ్నలు వేస్తున్నాం. సెమెట్కో, వాల్కెన్‌బర్గ్ అనే పరిశోధకులు 2000లో ఇచ్చిన ప్రశ్నలే. ఈ వార్త బాధ్యత ప్రభుత్వానిదంటోందా, మనుషుల గోడు చెబుతోందా, డబ్బు నష్టం మీద నిలబడిందా, అలాంటివి.

మా గైడ్‌కి తెలుగు రాదు. అందుకని తెలుగు శీర్షికలన్నీ ముందు ఇంగ్లిష్‌లోకి మార్చి, ఆ తర్వాత కోడ్ చేశాం, అంటే ఆ ప్రశ్నలకి జవాబులు షీట్‌లో గుర్తించాం. నిన్న రాత్రి షీట్ మళ్ళీ చూస్తుంటే గుండె జారింది. "చెన్నైని ముంచిన వాన", "నీట మునిగిన చెన్నై" అనే తరహా శీర్షికలు రెండింటికీ ఒకే మాట రాశాను: "చెన్నై ఫ్లడెడ్". ఈ రెండూ ఒకటేనా? కాకపోతే తేడాని ఎలా పట్టుకోవాలి?

మురళి: తుపాను అనాలా తుఫాను అనాలా అన్నది ముందు తేల్చుకోండి. ఈ తుపాను పేరే తీసుకోండి, కొందరు మిచౌంగ్, కొందరు మిగ్‌జాం. పేరు ఇచ్చింది మయన్మార్. రాత ఒకలా, పలుకు ఇంకోలా. ఇంగ్లిష్ అక్షరాలు చూసి రాసినవాళ్ళు మిచౌంగ్ అన్నారు, వాతావరణ శాఖ చెప్పిన పలుకు విన్నవాళ్ళు మిగ్‌జాం అన్నారు.

శ్రావణి: మురళి గారూ, నా ప్రశ్న స్పెల్లింగ్ గురించి కాదండీ, క్రియ గురించి. కానీ పేరు సంగతి పనికొచ్చేలా ఉంది, రాసుకుంటాను.

సత్యనారాయణ: తేడా చాలా ఉంది. ఇంగ్లిష్‌లో కర్మణి ప్రయోగం ఉంది కాబట్టి కర్తను దాచేయొచ్చు. తెలుగులో "ముంచబడింది" అని ఎవరూ అనరు. కాబట్టి తెలుగు వార్త ఎవరు చేశారో చెప్పి తీరుతుంది. తెలుగు నిలదీసే భాష, ఇంగ్లిష్ దాటేసే భాష. మీ ప్రాజెక్టు ఫలితం కూడా ఇదే వస్తుంది చూడండి.

వెంకటరమణ: సత్యనారాయణ గారూ, మొదటి సగం నిజం, రెండో సగం కాదు. నేను చెన్నైలో తెలుగు డెస్క్ మీద చాలా ఏళ్ళు పనిచేశాను. "బడు" వాడం, నిజమే. కానీ కర్తను దాచడానికి తెలుగుకి "బడు" అక్కర్లేదు. మనకి జంట క్రియలున్నాయి. మునుగు, ముంచు. కూలు, కూల్చు. తెగు, తెంచు. మొదటిది దానంతట అదే జరిగినట్టు, రెండోది ఎవరో చేసినట్టు. "గోడ కూలింది" అంటే ఇక అడగడానికి ఎవరూ లేరు. "గోడ కూల్చారు" అంటే ఎవరో ఉన్నారు.

అన్నిటికంటే తెలిసిన ఉదాహరణ చెరువు. "చెరువుకు గండి పడింది" అంటే కట్ట ఆగలేదు. "చెరువుకు గండి కొట్టారు" అంటే గడ్డపార పట్టుకున్న మనిషి కనబడతాడు. ఇంగ్లిష్‌లో "ట్యాంక్ బ్రీచ్‌డ్" అంటే ఈ రెంటిలో ఏదైనా కావచ్చు. కింద వార్త చదివితే తప్ప తెలియదు. తెలుగులో హెడ్డింగ్ దగ్గరే డెస్క్ తేల్చుకోవాలి.

శ్రావణీ, నీ రెండు శీర్షికల్లో ఒకదానికి కర్త ఉంది, రెండోదానికి లేదు. పైగా ఇది కాలమ్‌లో పట్టక చేసిన మార్పు కాదు. "మునిగిన", "ముంచిన" రెండూ ఇంచుమించు ఒకే వెడల్పు. అంటే ఎవరో ఎంచుకున్నారు. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి కోడ్ చేస్తే నువ్వు వెతుకుతున్నదాన్నే ముందు చెరిపేసి, తర్వాత వెతుకుతున్నట్టు.

పద్మావతి: నాకు కోడింగ్ గీడింగ్ తెలియదు కానీ, ఈ మాట తెలుసు. మాది చెన్నైలో అడయారు నది పక్కన జాఫర్‌ఖాన్‌పేట. 2015 డిసెంబరు 1 రాత్రి మా వీధిలో ఒకటే కేక, "చెంబరంబాక్కం చెరువు నీళ్ళు వదిలారు" అని. "అడయారు పొంగింది" అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మర్నాటి నుంచి పేపర్లలో మాత్రం పొంగింది, పొంగిపొర్లింది, పోటెత్తింది. మంచం మీద మంచం వేసి మా అత్తగారిని కూర్చోబెట్టాం, ఫ్రిజ్ హాల్లోకి తేలుతూ వచ్చింది. పొంగింది అన్న మాట చదివినప్పుడల్లా నాకు కడుపు మండేది. వదిలిన నీళ్ళు వేరు, పొంగిన నీళ్ళు వేరు.

వెంకటరమణ: పద్మావతి గారూ, మీరు చెప్పిందే అసలు విషయం. ఆ రాత్రి చెంబరంబాక్కం నుంచి విడుదల 29 వేల క్యూసెక్కుల దాకా వెళ్ళింది. నిబంధనల ప్రకారమే వదిలామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. 2018లో బయటికొచ్చిన కాగ్ నివేదిక దాన్ని మనుషులు తెచ్చిన విపత్తు అంది. కానీ అవి రెండూ తర్వాతి మాటలు. వార్త రాసే రాత్రి డెస్క్ మీద ఉన్నవాడికి అవేవీ తెలియవు. వాడు "పొంగింది" అని రాస్తే ఎవరినీ ఏమీ అననట్టు, "వదిలారు" అని రాస్తే వేలు చూపినట్టు. మధ్యలో నిలబడే క్రియ లేదు.

కిరణ్: ఒక అనుమానం. "చెన్నైని ముంచిన వాన"లో కర్త వాన. వానని బాధ్యురాలిని చేస్తే ప్రభుత్వం తప్పించుకున్నట్టే కదా? అంటే కర్త ఉన్నంత మాత్రాన నిలదీసినట్టు కాదు.

వెంకటరమణ: అవును, అందుకే రెండూ ఒకే గడిలో వేయకూడదు. "క్రియకు కర్త ఎవరు" అన్నది ఒక గడి, "బాధ్యత ఎవరిదంటున్నారు" అన్నది ఇంకో గడి. సెమెట్కో ప్రశ్నలు అడిగేది ప్రభుత్వమో, ఒక మనిషో, ఒక వర్గమో బాధ్యులా అని. వాన వాటిలో దేనికీ రాదు. "వానలు ముంచెత్తాయి" అన్నది ఎంత అరిగిపోయిన పలుకుబడి అంటే, రాసేవాడు దానితో ఎవరినీ ఏమీ అనడం లేదు. దానికి బాధ్యత గడిలో "కాదు" అనే పడాలి.

కానీ ఒక చిక్కుంది. "రైతును నిండా ముంచిన తుపాను" అని రాస్తారు చూడండి. ఇక్కడ ముంచడం నీళ్ళలో ముంచడం మాత్రమే కాదు. "వాడు నన్ను నిండా ముంచాడు" అంటే మోసం చేశాడని, కోలుకోకుండా చేశాడని. నిండా మునిగినవాడికి చలేమిటి అన్న సామెత కూడా ఆ పక్కనే పలుకుతుంది. ఈ శీర్షికలో వరి చేను, అప్పు, నమ్మకం మూడూ ఒకేసారి మునిగాయి. దీన్ని "సైక్లోన్ డ్యామేజెస్ క్రాప్స్" అని మారిస్తే ఆర్థిక నష్టం గడిలో పడుతుంది. తెలుగులోనే చదివితే మనిషి గోడు గడిలో కూడా పడుతుంది. రెండు గడుల్లోనూ "అవును" అనడానికి భయపడకు. ఒక వార్తకి ఒకే చట్రం, అంటే చెప్పే కోణం ఒక్కటే ఉండాలని ఎక్కడా లేదు.

శ్రావణి: ఇప్పుడు టెన్షన్ ఇంకా పెరిగింది సార్. అంటే మొత్తం మళ్ళీ తెలుగులోనే కోడ్ చేయాలి. నేనూ, నా ఫ్రెండూ ఇద్దరమే తెలుగు వచ్చినవాళ్ళం. ఇద్దరి జవాబులు మూడొంతులు కలిస్తే చాలా?

కిరణ్: చాలదు. నేను డేటా పని చేస్తాను, ఒక లెక్క చెబుతాను. 40 శీర్షికలు అనుకుందాం, ప్రశ్న బాధ్యత గురించి. ఇద్దరూ "అవును" అన్నవి 8, ఇద్దరూ "కాదు" అన్నవి 22, తేడా వచ్చినవి అటు 5, ఇటు 5. 40లో 30 కలిశాయి, 75 శాతం. బాగానే ఉన్నట్టుంది. కానీ ఎక్కువ శీర్షికలకి జవాబు "కాదు" అయినప్పుడు, ఇద్దరూ చదవకుండా టిక్ పెట్టినా చాలా వరకు కలుస్తాయి. ఈ లెక్కలో అలా కలిసేవి 56 శాతం. ఆ వాటా తీసేసి చూస్తే వచ్చే అంకెని కప్పా అంటారు:

```
kappa = (0.75 - 0.56) / (1 - 0.56) = 0.43
```

ఈ తరహా పనిలో 0.80 ఉండాలంటారు, 0.67 కంటే తగ్గితే దాని మీద ఏమీ చెప్పకపోవడం మంచిదంటారు. 0.43 అంటే మీ ఇద్దరూ ఒకే ప్రశ్నని రెండు రకాలుగా అర్థం చేసుకున్నారని. ముందు ఒక పది శీర్షికలు విడివిడిగా చేసి, తేడా వచ్చినచోట కూర్చుని మాట్లాడుకుని, నియమం రాసుకోండి. ఆ పదీ పక్కన పెట్టేసి, మిగిలినవాటి మీదే కప్పా లెక్కకట్టండి. మాట్లాడుకున్నవి కూడా కలిపితే అంకె ఊరికే పెరుగుతుంది.

వెంకటరమణ: ఇంకొకటి అడగాలి. నీ తెలుగు వార్తలు ఏ పేజీల నుంచి తీశావమ్మా?

శ్రావణి: ఆంధ్రప్రదేశ్ మెయిన్ ఎడిషన్ ఈ-పేపర్ సార్. ఇంగ్లిష్‌వి చెన్నై ఎడిషన్.

వెంకటరమణ: అయితే అక్కడే ఆగు. చెన్నైని వాన ముంచింది డిసెంబరు 3, 4 తేదీల్లో. 4న విమానాశ్రయమే మూసేశారు. తుపాను తీరం దాటింది 5వ తేదీన, బాపట్ల దగ్గర. చెన్నై ఇంగ్లిష్ పత్రికకి అది డ్రైనేజీ కథ, వేళచ్చేరి కథ. ఆంధ్ర పత్రికకి కోతకొచ్చిన వరి కథ. మొదటిది కార్పొరేషన్‌ని అడుగుతుంది, రెండోది పరిహారం అడుగుతుంది. నీకు తేడా కనిపిస్తుంది, అది భాష వల్ల వచ్చిందని రాసేస్తావు. నిజానికి ఊరు వల్ల వచ్చిన తేడా. ఒకే రోజు, ఒకే ఊరు డేట్‌లైన్‌తో ఉన్న వార్తల్ని జతలుగా తీసుకో. సంఖ్య బాగా తగ్గుతుంది, తగ్గనీ.

జతల్లోనూ ఒక జల్లెడ పట్టాలి. తెలుగు పత్రికలో చెన్నై డేట్‌లైన్ ఉన్నవన్నీ తెలుగులో పుట్టిన వార్తలు కావు. కొన్ని ఏజెన్సీ ఇంగ్లిష్ కాపీకి అనువాదాలు. అవి కోడ్ చేస్తే ఇంగ్లిష్‌ని ఇంగ్లిష్‌తోనే పోల్చినట్టు. పట్టుకోవడం ఎలాగంటే ఊళ్ళ పేర్లు చూడు. ఇక్కడ తిరిగే విలేకరి వేళచ్చేరి, ముడిచ్చూరు, తిరువళ్లూరు అని రాస్తాడు, విన్నాడు కాబట్టి. ఇంగ్లిష్ కాపీ చూసి దించినవాడు వెలచేరి, ముదిచూర్, తిరువల్లూర్ అంటాడు.

మురళి: చూశారా, నేను చెప్పింది స్పెల్లింగే!

వెంకటరమణ: అవును మురళి గారూ, మీ మిచౌంగ్ సంగతి కూడా ఆ జాడే. కానీ ఒక్క దాని మీదే ఆధారపడితే పొరపాటు. డెస్క్‌కి ఒక స్టైల్ ఉంటుంది, విలేకరి ఎలా పంపినా తుపాను పేరు ఒకేలా మార్చేస్తారు. ఊళ్ళ పేర్లు మాత్రం అంతగా సరిచేయరు.

సత్యనారాయణ: జంట క్రియల విషయం ఒప్పుకుంటున్నాను. కానీ "వాన ముంచింది" అనడం కూడా ఒక దాపరికమే అని నా అభిప్రాయం. కాలువ పూడిక తీయనివాడు వాన వెనక దాక్కున్నాడు. దానికి "బాధ్యత లేదు" అని గడి నింపేస్తే ఆ దాక్కోవడం మీ లెక్కలోకి రాదు.

వెంకటరమణ: శీర్షికలో లేనిదాన్ని కోడర్ ఊహించి వేస్తే, రేపు ఇంకో కోడర్ ఇంకోటి ఊహిస్తాడు. దాన్ని విశ్లేషణలో రాయమనండి, గడిలో కాదు. ఈ విషయంలో మీరూ నేనూ కలవం.

శ్రావణి: రాత్రి ఇద్దరం కూర్చుని పది శీర్షికలు తెలుగులోనే చేశాం. ప్రశ్నలు ఇంగ్లిష్‌లోనే ఉంచాం, గైడ్ చూడాలి కాబట్టి. శీర్షిక తెలుగు లిపిలో, పక్కన క్రియ ఒక గడి, కర్త ఒక గడి, బాధ్యత ఒక గడి. మూడు చోట్ల తేడా వచ్చింది. రెండు తేలిపోయాయి. మూడోది "చెరువుకు గండి" తరహా శీర్షిక. క్రియే లేదు. నేను "పడింది" అని చదువుకున్నాను, నా ఫ్రెండ్ "కొట్టారు" అని చదువుకుంది.

వెంకటరమణ: అది మేమే చేసేవాళ్ళం అమ్మా. పడిందో కొట్టారో రాత్రి తెలియనప్పుడు క్రియ తీసేసి పేజీ వదిలేసేవాళ్ళం. మధ్యలో నిలబడే క్రియ లేదన్నాను కదా, క్రియ లేకపోవడమే ఆ మధ్య.

శ్రావణి: అయితే "క్రియ లేదు" అని దానికి విడిగా ఒక గడి పెడుతున్నాను. ఇంగ్లిష్ శీర్షికలకీ అదే గడి పెట్టాలి కదా సార్? అక్కడ "బ్రీచ్" ఒక్కటే ఉన్నప్పుడు అది నామమో క్రియో ఎలా తేల్చాలి?