పుట్టినరోజుకి పిలుస్తూ "దేవి వెనీరె" అంటే మార్కు పోవాలా?

సాయి_కూకట్‌పల్లి
మాస్టర్స్‌కి ఇటలీ వెళ్లాలని ఇక్కడ ఇటాలియన్ మొదటి మెట్టు, ఏ1 క్లాసులో చేరి రెండు నెలలైంది. నిన్నటి టెస్టులో "మీ పుట్టినరోజు పార్టీకి స్నేహితురాలిని పిలుస్తూ మెసేజ్ రాయండి" అని ఇచ్చారు. నేను రాసింది కింద పెట్టాను. మేడమ్ 10కి 5 వేశారు. "దేవి వెనీరె" చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పైన "మీ ఫరేబ్బె ప్యచేరె సె వెనిస్సి" అని రాశారు, అంటే నువ్వొస్తే నాకు సంతోషంగా ఉంటుంది అని. మనం ఎవర్నైనా పిలిస్తే "తప్పకుండా రావాలి" అంటాం కదా, నేను రాసింది అదే. అది మర్యాద తక్కువ ఎలా అవుతుంది? పైగా మేడమ్ రాసిన వాక్యం మాకు ఇంకా చెప్పనే లేదు. ఇది న్యాయమేనా?

```
Cara Giulia,
il sabato faccio la festa di compleanno
alla mia casa alle 8. Compio 22 ani.
Devi venire! Per favore vieni con la tua sorella.
Fami sapere.
Sai
```

మాటల_మూట
మేడమ్ చేసిందే కరెక్ట్. "దేవి" అంటే "నువ్వు చేసి తీరాలి" అని, ఆఫీసులో బాస్ చెప్పినట్టు ఉంటుంది. ఇంకో తప్పు కూడా ఉంది, నువ్వు అమ్మాయిని "తూ" అని నువ్వు రూపంలో పిలిచావు. ఇటలీలో ఎవరితోనైనా "లేయ్" వాడాలి, అది మన "మీరు" లాంటిది. మర్యాద లేకుండా రాస్తే 5 రావడమే ఎక్కువ.

రవి_డాక్యుమెంట్స్
బ్రదర్, ఇన్విటేషన్ లెటర్ ఇలా రాస్తే వీసా రాదు. పిలిచే వాళ్ల అడ్రస్, పుట్టిన తేదీ, నువ్వు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వాళ్ల దగ్గర ఉంటావో అన్నీ ఉండాలి, సంతకం పెట్టి వాళ్ల గుర్తింపు కార్డు కాపీ జతచేయాలి. మా కజిన్ ఫైల్ నేనే చూశాను.

సాయి_కూకట్‌పల్లి
అన్నా, ఇది వీసా కోసం కాదు, క్లాసులో పరీక్ష. జూలియా అనే మనిషే లేదు.

టొరినో_అక్క
నేను ఎనిమిదేళ్లుగా టొరినోలో ఉంటున్నాను, కొత్తగా వచ్చిన వాళ్లకి వారానికి రెండు సాయంత్రాలు భాష చెబుతాను. మూట గారు చెప్పినది సగం నిజం. "దేవి" దగ్గర "తీరాలి" అనే అర్థం ఉంది, కాదనను. కానీ "తూ" తప్పు అనడం మాత్రం పూర్తిగా తప్పు. "కారా జూలియా" అని మొదలుపెట్టి "లేయ్" లోకి దిగితే, "ఒసేయ్ జ్యోతీ, తమరు విచ్చేయగలరు" అన్నట్టుంటుంది. ఒకే వయసు వాళ్లు, తోటి విద్యార్థులు, మొదటి రోజు నుంచే "తూ".

మనకి ఇక్కడ చిక్కు ఎందుకొస్తుందంటే, తెలుగులో "మీరు" రెండు పనులు చేస్తుంది, పెద్దవాళ్లకీ అదే, పది మందికీ అదే. ఇటాలియన్‌లో ఆ రెండు పనులకీ వేరు వేరు మాటలు. పది మందికి "వోయ్", మర్యాదకి "లేయ్". ఈ "లేయ్" నిజానికి "ఆమె" అనే మాటే, అందుకే క్రియ కూడా ఆమెకి వాడే రూపంలోనే వస్తుంది. (1938లో ముస్సోలినీ ప్రభుత్వం "లేయ్" వద్దు, "వోయ్" అనండి అని హుకుం జారీ చేసింది. హుకుం పోయింది, "లేయ్" నిలబడింది, దక్షిణాదిన పెద్దవాళ్ల నోట మాత్రం మర్యాద "వోయ్" ఇప్పటికీ వినిపిస్తుంది.) సాయి రాసింది స్నేహితురాలికి కాబట్టి ఆ గొడవే లేదు.

ఇక "దేవి వెనీరె". స్నేహితులు నోటితో అనుకునేటప్పుడు నేను వందసార్లు విన్నాను, ఎవరూ నొచ్చుకోరు. వాళ్లకీ బలవంతపు పిలుపు ఉంది, "నోన్ ప్వోయ్ మంకారె" అంటారు, నువ్వు లేకపోతే కుదరదు అని, పార్టీ మెసేజ్‌ల్లో చాలా మామూలు. కాబట్టి "ఇటాలియన్లు ఒత్తిడి చేయరు" అనే లెక్క మీద మార్కు తీస్తే ఒప్పుకోను. నాకు ఇబ్బందిగా అనిపించింది వేరే. నీ మెసేజ్‌లో అడగడమే లేదు. మొదట "రావాలి", ఆ వెంటనే "దయచేసి రా". ముందు ఆజ్ఞ, తర్వాత బతిమాలడం. "వస్తావా?" అనే ప్రశ్న లేనప్పుడు చివర్లో "చెప్పు" అంటే ఆ పిల్ల దేనికి జవాబు చెప్పాలి?

పద్మ_క్లాస్‌రూమ్
అక్కా, మొత్తానికి మేడమ్‌ది తప్పంటారా? నేను ఇటాలియన్ కాదు, ఫ్రెంచ్ చెబుతాను, అయినా మా క్లాసుల్లోనూ ఇదే గొడవ. వ్యాకరణం తర్వాత వస్తుందని మర్యాద మాటల్ని ఆపలేం కదా. వాక్యం మొత్తంగా బట్టీ పట్టించేస్తాం, అర్థం తర్వాత విప్పుకుంటారు.

టొరినో_అక్క
బట్టీకి నేను వ్యతిరేకం కాదు పద్మా, ఏ వాక్యం బట్టీ పట్టిస్తున్నామన్నదే ప్రశ్న. మేడమ్ రాసినదాంట్లో రెండు సగాలున్నాయి. "మీ ఫరేబ్బె ప్యచేరె", నాకు సంతోషంగా ఉంటుంది. అంతవరకు సరే. రెండో సగం "సె వెనిస్సి", నువ్వు వచ్చినట్టయితే. ఈ క్రియారూపం ఏ1లో ఉండదు, చాలా తర్వాతి మెట్టు మీద వస్తుంది. బట్టీ పట్టినవాడు ఎక్కడ దొరికిపోతాడో చెప్పనా? ఇద్దరిని పిలవమనండి. అప్పుడు "వెనిస్సి" కాస్తా "వెనిస్తె" అయిపోవాలి. మా క్లాసులో "జూలియా, మార్కో ఇద్దరినీ పిలవండి" అన్న రోజు సగానికి పైగా "వెనిస్సి" అనే రాశారు, అంటే ఇద్దరిని పిలిచి ఒక్కరినే రమ్మన్నట్టు.

పద్మ_క్లాస్‌రూమ్
మరి కాఫీ షాపులో "వొర్రెయ్ ఉన్ కఫ్ఫే" అని మొదటి వారమే నేర్పిస్తారుగా? అదీ ఆ "ఫరేబ్బె" కుటుంబం క్రియారూపమే, "నాకు కావాలనుంది" అనే మెత్తటి మాట. అప్పుడు మెట్టు లెక్క ఎవరూ అడగరే!

టొరినో_అక్క
ఇది మంచి దెబ్బ, ఒప్పుకుంటున్నా. ఆ "వొర్రెయ్"నే ఇక్కడికి తెచ్చుకోవచ్చు, "వొర్రెయ్ ఇన్విటార్తి అల్లా మీయా ఫెస్తా", నిన్ను నా పార్టీకి పిలవాలనుకుంటున్నా. రెండు నెలల విద్యార్థి నోటికి అందేదే. మేడమ్ దాన్ని రాసి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

మాటల_మూట
సరే "లేయ్" సంగతి వదిలేశాను. కానీ పరీక్షలో రాసేది నోటి మాట కాదు కదా అక్కా. దిద్దే మనిషికి సాయి గొంతు వినపడదు, కాగితం మీద "దేవి" ఒక్కటే కనపడుతుంది. మీరు విన్న వందసార్లలో నవ్వు కూడా ఉంది, కాగితంలో నవ్వు లేదు.

టొరినో_అక్క
అది ఆలోచించాల్సిన మాటే. ఇంకో సంగతి చెబుతా, "వియేని" అనే మాట చూడండి. నువ్వు వస్తావు అన్నా అదే, రా అన్నా అదే. తేడా అంతా చివరి గుర్తులోనే. "వియేని?" అని రాస్తే అడిగినట్టు, "వియేని!" అని రాస్తే రమ్మన్నట్టు. అలాంటి భాషలో ఒక్క ప్రశ్నార్థకం పెట్టి ఉంటే సాయికి "దేవి" అవసరమే పడేది కాదు. లేదా "తి వా ది వెనీరె?", రావాలని ఉందా అని. క్లాసులో ఇది ముందే వచ్చేస్తుంది.

అయినా సాయీ, నువ్వు "దేవి" మీద యుద్ధం చేస్తున్నావు గానీ ఆ 5 మార్కులు పోయింది వేరేచోట అని నా అనుమానం. "ఇల్ సాబతో" అని రాశావు. ముందు "ఇల్" పెడితే ప్రతి శనివారం అని అర్థం. వారం వారం పుట్టినరోజు చేసుకునేవాడివి నువ్వొక్కడివే. వచ్చే శనివారం అయితే ఊరికే "సాబతో", పక్కన తేదీ. నీ మెసేజ్‌లో తేదీ అసలు లేదు, పిలుపులో అది లేకపోతే పరీక్షకుడు సమాచారం లేదని కోస్తాడు, అది న్యాయమే. "8" కూడా అంతే. పార్టీ కాబట్టి సాయంత్రమని తెలుస్తుంది, రాతలో మాత్రం 20 అని రాస్తే పేచీ లేదు. "అల్లా మీయా కాజా" అని ఎవరూ అనరు, "అ కాజా మీయా" అంటారు, "నా" తర్వాత వస్తుంది. చెల్లెలు ఒక్కతే అయితే "తూవా సొరెల్లా" చాలు, ముందు "లా" అక్కర్లేదు, ఇద్దరు ముగ్గురు అయితే అది "లే"గా తిరిగొస్తుంది.

ఇక "అని". ఏళ్లు అంటే "అన్ని", రెండు ఎన్‌లు. ఒక ఎన్ పోతే వచ్చే మాటకి అర్థం ఇక్కడ రాయలేను, నిఘంటువు తెరిచి చూసుకో, ఒంట్లో ఒక భాగం, నీకు అవి 22 ఉన్నాయని జూలియాకి చెప్పావు. "ఫామి" కూడా అలాగే, "ఫమ్మి" అని ఒత్తి రాయాలి. అమ్మ, అన్న అని ఒత్తి పలికే తెలుగువాళ్ల చెవికి ఈ తేడా బాగానే వినపడుతుంది, రాసేటప్పుడే ఇంగ్లీషు అలవాటు చేయి అడ్డుపెడుతుంది. రాసినదాన్ని పైకి చదువుకో, దొరికిపోతాయి.

నేనైతే ఇలా రాయిస్తాను:

```
Ciao Giulia!
Sabato 14 giugno compio 22 anni e faccio
una festa a casa mia, alle 20.
Ti va di venire? Se vuoi, porta anche tua sorella.
Fammi sapere entro giovedì.
Ti aspetto!
Sai
```

ఆ చివరి "తి అస్పెత్తో" చూశావా, నీ కోసం ఎదురుచూస్తుంటా అని. నీ "తప్పకుండా రావాలి"లో ఉన్న ఆప్యాయత దీంట్లో ఉంది. అడగాల్సింది ముందు అడిగేశాం కాబట్టి ఇప్పుడు ఎంత గట్టిగా అన్నా ఆజ్ఞలా ఉండదు.

బొలోన్యా_పాత_విద్యార్థిని
మెసేజ్‌లో ఇంకో మాట ఉండాలి, నాకు తగిలిన దెబ్బ చెబుతా. బొలోన్యాలో మొదటి ఏడాది నా పుట్టినరోజుకి ఎనిమిది మందిని పిజ్జేరియాకి పిలిచాను, తేదీ టైము అన్నీ సరిగ్గా రాశాను. పిలిచింది నేను కాబట్టి బిల్లు నాదే అని నా లెక్క, మనకి అది చెప్పాల్సిన పని కాదు. బిల్లు వచ్చేసరికి ఒక్కొక్కరు పర్సులు తీసి "అల్లా రొమానా" అంటూ తలా ఇంత అని లెక్కేసుకున్నారు. నేను వద్దు వద్దంటే వాళ్లకి ఇబ్బంది, తీసుకుంటే నాకు తలకొట్టేసినట్టు. తర్వాత ఫ్లాట్‌మేట్ చెప్పింది, ముందే "ఒఫ్రో ఇయో", అంటే ఖర్చు నాది, అని రాసి ఉంటే అయిపోయేదట. ఇంట్లో పార్టీ అయితే సరే, బయట అయితే ఆ రెండు మాటలు రాయి.

ఇంకోటి, 14న పుట్టినరోజు అయితే 13న శుభాకాంక్షలు చెప్పమని ఎవర్నీ అడగొద్దు. ముందుగా చెబితే అరిష్టం అంటారు, మా ప్రొఫెసర్ కూడా నిజంగానే ఆపేశాడు. నిజం పుట్టినరోజు సోమవారమైతే పార్టీ ఆ తర్వాతి శనివారం పెట్టుకోవడం నయం.

మాటల_మూట
అయితే ఆ "14న కొంపియో", అంటే 14న ఏళ్లు నిండుతాయి అన్నది, పుట్టినరోజు నిజంగా ఆ రోజే అయితేనే చెల్లుతుంది కదా. వేరే రోజైతే వాక్యం మారాలి.

టొరినో_అక్క
అవును, అప్పుడు "శనివారం నా పుట్టినరోజు పండగ చేసుకుంటున్నా" అని "ఫెస్తెజ్జో" వాడాలి. దీన్ని చెప్పడం నేనూ మర్చిపోయాను.

సాయి_కూకట్‌పల్లి
ఇవాళ క్లాసులో మేడమ్‌కి అడిగాను. మొదట "ప్రతి శనివారం పిలుస్తావా?" అని నవ్వారు. తేదీ లేనందుకు రెండు, "అని"కి ఒకటి, ఇల్లు, చెల్లెలి తప్పులకి ఒకటి, "దేవి"కి ఒకటి పోయాయట. "వొర్రెయ్" సంగతి చెబితే అవునని తలూపి, ఆ ఒక్క మార్కు మాత్రం ఇవ్వనన్నారు, నోటితో అంటే ఏమో గానీ రాతలో ప్రశ్న లేకుండా "దేవి" రాస్తే తను కోస్తూనే ఉంటారట. నాకైతే ఇంకా మనసొప్పలేదు.

పద్మ_క్లాస్‌రూమ్
నేనైతే అర మార్కు ఇచ్చేదాన్ని.

రవి_డాక్యుమెంట్స్
అంటే గుర్తింపు కార్డు కాపీ అక్కర్లేదన్నమాట. ముందే చెప్పొచ్చుగా తమ్ముడూ.