"ఐ విష్" తర్వాత రెండు "హాడ్"లా?

కొండాపూర్ కుర్రాడు: ఉద్యోగం మారాక పాత మేనేజర్‌కి మెయిల్ పెట్టాను: "ఐ విష్ ఐ హాడ్ టైమ్ టు ఫినిష్ ద ప్రాజెక్ట్." అక్కడున్నప్పుడు టైమ్ దొరకలేదన్న బాధతో రాశా. ఆయనేమో "పర్లేదు, ఇప్పుడు నువ్వు చేయక్కర్లేదు, కొత్తవాళ్లు చూసుకుంటారు" అన్నాడు. తప్పు నా ఇంగ్లిష్‌దా, ఆయనదా?

మలక్‌పేట మాస్టారు: ఆయన సరిగ్గానే చదివారు నాయనా. విష్ తర్వాత హాడ్ ఒక్కటే ఉంటే అది మామూలుగా ఇవాళ్టి లోటు. "ఐ విష్ ఐ హాడ్ ఎ కార్" అంటే ఇప్పుడు కారు లేదని. క్రియ చూడ్డానికి భూతకాలమే గానీ చెప్పేది ఈ రోజు సంగతి. అయిపోయిన దాని గురించి బాధపడాలంటే ఇంకో మెట్టు వెనక్కి దిగాలి: "ఐ విష్ ఐ హాడ్ హాడ్ టైమ్." మొదటి హాడ్ కాలం కోసం, రెండోది "టైమ్ ఉండటం" కోసం.

హైటెక్ బాబాయ్: హాడ్ హాడ్ ఏంటి మాస్టారూ, నత్తి పట్టిందా? పన్నెండేళ్లుగా అమెరికా క్లయింట్లతో రోజూ కాల్స్‌లో ఉంటున్నా, ఒక్కసారీ వినలేదు. వాళ్లు "ఐ విష్ ఐ వుడ్ హావ్" అంటారు.

ఉప్పల్ పోరడు: పరేషాన్ చేస్తున్నారు. నేనైతే "సారీ సార్, నో టైమ్ దెన్" అని పడేస్తా.

మలక్‌పేట మాస్టారు: విన్నారు, గుర్తుపట్టలేదంతే. మాట్లాడేటప్పుడు మొదటి హాడ్‌ని మింగేసి "ఐడ్ హాడ్" అంటారు. "వుడ్ హావ్" కూడా అక్కడ మాటల్లో వినిపిస్తుంది, కాదనను. పరీక్షలో రాస్తే మాత్రం కొట్టేస్తారు. విష్ తర్వాత వుడ్‌కి వేరే పనుంది. అవతలివాళ్లు చేస్తున్నది మానాలనో, చేయనిది చేయాలనో చిరాకు పడేటప్పుడు వాడతాం.

అత్తాపూర్ అమ్మ: నా సంగతి వినండి. పక్క ఫ్లాట్‌లో రాత్రి పదకొండింటికి డ్రిల్లింగ్. అసోసియేషన్ గ్రూపులో "ఐ విష్ దే స్టాప్డ్" అని పెట్టా. "ఆపేశారా, హమ్మయ్య" అని ఇద్దరు బొటనవేలు చూపించారు!

మలక్‌పేట మాస్టారు: "వుడ్ స్టాప్" అని పెట్టాల్సిందమ్మా.

హైటెక్ బాబాయ్: ఇంత గందరగోళం ఎందుకు? తెలుగులో అనుకుని మార్చేయండి. "బాగుండు" అంటే ఇప్పటిది, "బాగుండేది" అంటే అప్పటిది. అయిపోయింది.

మలక్‌పేట మాస్టారు: మొదటి సగం నిజం. మరి "నాన్న ఉంటే బాగుండేది" అన్నప్పుడు? మొన్న పెళ్లిలో ఉంటే అనా, ఇప్పుడు పక్కన ఉంటే అనా? రెంటికీ చెల్లుతుంది. అసలు చిక్కు ఇక్కడే. మనం కాలాన్ని ఎక్కువగా వాక్యం చివర "బాగుండేది"లో పెడతాం, "ఉంటే" మామూలుగా కదలదు. ఇంగ్లిష్‌లో తిరగేసి ఉంటుంది. విష్ కదలదు, దాని తర్వాతి క్రియే వెనక్కి జరుగుతుంది. అందుకే మన పిల్లలు కాలాన్ని తెచ్చి విష్ మీదే పెట్టి "ఐ విష్డ్" అంటారు. అప్పుడది నిన్న కోరుకున్నానన్న మాట అవుతుంది, ఇవాళ బాధపడుతున్నానని కాదు.

హైటెక్ బాబాయ్: మీలాంటి వాళ్ల వల్లే మాలాంటి వాళ్ల నోరు పడిపోతుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం నాది. ఒక ఇంటర్వ్యూలో "ఆ ప్రాజెక్ట్ ఎందుకు దెబ్బతింది" అని అడిగితే "సర్వర్ కెపాసిటీ... ఇఫ్ ఓన్లీ ఐ న్యూ" అన్నాను. ముందే తెలిసుంటే ఆపేవాణ్ణని నా భావం. ప్యానెల్‌లో ఒకాయన నవ్వాడు. ఉద్యోగం రాలేదు. అర్థమయ్యీ తప్పు పట్టడం కాదా ఇది?

మలక్‌పేట మాస్టారు: నవ్వడం తప్పే, అందులో మీ పక్షమే. కానీ ఆయనకు అర్థమైందని ఎలా అనుకున్నారు? అలాంటి ప్రశ్నకు "ఇఫ్ ఓన్లీ ఐ న్యూ" అంటే "ఏమో, నాకూ తెలిస్తే బాగుండు" అని. కారణం ఇప్పటికీ తెలియదని చెప్పినట్టు. "ఇఫ్ ఓన్లీ ఐ హాడ్ నోన్" అనుంటే మీ బాధ ఆయనకు చేరేది.

హైటెక్ బాబాయ్: ...ఇన్నాళ్లూ నా యాసకి నవ్వాడనుకున్నా. అయినా సందర్భం చూసి అర్థం చేసుకోవాల్సింది వినేవాడే. మనం ఎంతకని మెట్లు దిగాలి?

మలక్‌పేట మాస్టారు: ఎదుటివాడు ఊహించుకోవాలని మీరంటారు, ఊహకి వదలకూడదని నేనంటాను. గొడవ హాడ్‌ల గురించి కాదన్నమాట.

కొండాపూర్ కుర్రాడు: మీరిద్దరూ కొట్టుకునేలోగా మళ్లీ మెయిల్ పెట్టేశా: "ఐ విష్ ఐ హాడ్ ఫౌండ్ టైమ్ వెన్ ఐ వాజ్ దేర్." ఓకేనా?

మలక్‌పేట మాస్టారు: భేష్. రెండు హాడ్‌ల బెడదా తప్పింది.

హైటెక్ బాబాయ్: చూశారా, వాడూ హాడ్ హాడ్ అనలేదు!