మనవరాలికి అమ్మమ్మ వాయిస్ మెసేజ్: ఫ్రెంచిలోనా, తెలుగులోనా?

మల్కాజ్‌గిరి మేనమామ:
మా అక్క లియోన్‌లో ఉంటుంది, బావగారు ఫ్రెంచ్. మేనకోడలికి 6 ఏళ్ళు, తెలుగులో నాలుగైదు మాటలు మించి రావు. మా అమ్మ వాట్సాప్‌లో చెప్పాలనుకున్నది ఇది: "బంగారు తల్లీ, అన్నం తిన్నావా? నువ్వు బాగా గుర్తొస్తున్నావే. వేసవి సెలవులకి రా, బంగినపల్లి పళ్ళు తినిపిస్తా. బోలెడు ముద్దులు." దీన్ని ఫ్రెంచిలో తనే చదివి పంపుతానంటోంది. అక్కేమో "తెలుగులోనే పంపండి, అప్పుడే దానికి భాష వస్తుంది" అని పట్టుబడుతోంది. ఎవరిది కరెక్ట్? డిక్షనరీ చూసి నేను రాసింది: మా మేర్ ఆఁనోర్... జ త మాఁక్...

రెండో షిఫ్ట్:
మీ అక్క చెప్పిందే రైట్ బ్రో. మా అన్న పిల్లలు డాలస్‌లో ఉన్నారు. మా నాన్న వాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడీ మాట్లాడీ ఇప్పుడు వాళ్ళకి "తాతయ్యా" తప్ప ఇంకో ముక్క రాదు.

తార్నాక ఫ్రెంచి టీచర్:
ఏ భాషలో పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ డ్రాఫ్ట్ మాత్రం పంపకండి!

"మేర్ ఆఁనోర్" అనే మాట ఫ్రెంచిలో నిజంగానే ఉంది, కానీ దానర్థం మేలిమి బంగారంలాంటి అమ్మ అని. పిల్లకి వినపడేది "ఓ నా గొప్ప అమ్మా" అని. చిన్నపిల్లని తల్లీ, అమ్మా, నాన్నా అని పిలవడం మన అలవాటు, వాళ్ళకి లేదు. అక్కడి ముసలమ్మలు ముద్దుగా "మోఁ త్రేజోర్" అంటారు, నా నిధి అని. బంగారం అన్న భావం దాదాపు అలాగే నిలబడుతుంది. "మా ప్యూస్" అని కూడా అంటారు, అంటే నా గోమారీ అని. అది విని మీ అమ్మగారు నోరు నొక్కుకుంటారు, వదిలేయండి.

ఇక "జ త మాఁక్" అసలు తిరగబడిపోయింది. దానర్థం "నేను నీకు గుర్తొస్తున్నాను". చెప్పాల్సింది "త్యూ మ మాఁక్". ఇంగ్లీషు మీదుగా వెళ్ళినవాళ్ళంతా ఇక్కడ పడతారు, మా క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ జరిగేదే. తెలుగు నుంచి నేరుగా వస్తే ఈ గొడవే ఉండదు. "నువ్వు నాకు గుర్తొస్తున్నావు" అన్నప్పుడు కర్త నువ్వే కదా, నేను "నాకు" దగ్గర ఉన్నాను. ఫ్రెంచిలోనూ అంతే, త్యూ ముందు, మ తర్వాత. మీ అమ్మగారి వాక్యాన్ని ఉన్నదున్నట్టు నడిపించి ఉంటే సరిపోయేది.

కెనడా డ్రీమ్స్:
టెఫ్ ఎగ్జామ్‌లో స్పీకింగ్ సెక్షన్‌కి ఇలాంటి వాక్యాలు పనికొస్తాయా? బి2 లెవెల్ కావాలి నాకు, పీఆర్ కోసం.

రెండో షిఫ్ట్:
బ్రో, ఇక్కడ ముసలావిడ మనవరాలికి ముద్దులు పంపుతోంది.

దిల్‌సుఖ్‌నగర్ లక్ష్మి:
నేను ఏ1 పూర్తి చేశాను. ఆడపిల్ల కాబట్టి "మా త్రేజోర్" అనాలి కదా టీచర్ గారూ? "మోఁ" మగపిల్లలకి. ఇంకోటి, పాప అమ్మమ్మకి జవాబిచ్చేటప్పుడు మీరు అనే అర్థంలో "వూ" అనమని చెప్పండి, పెద్దవాళ్ళు కదా.

తార్నాక ఫ్రెంచి టీచర్:
లక్ష్మి గారూ, మీరు చెప్పింది సగం కరెక్ట్. "షెరీ" అయితే ఆడపిల్లకి "మా షెరీ"నే. కానీ నా అనే మాట తర్వాతి నామవాచకాన్ని పట్టి మారుతుంది, పిల్లని పట్టి కాదు. త్రేజోర్ పుంలింగం కాబట్టి ఆడపిల్లకైనా మోఁ త్రేజోరే.

"వూ" మాత్రం వద్దు. ఈ రోజుల్లో ఫ్రెంచి పిల్లలు అమ్మమ్మల్నీ తాతల్నీ మామూలుగా "త్యూ" అనే అంటారు. మన ఇళ్ళల్లో "అమ్మమ్మా, నువ్వు రా" అన్నట్టే. వూ అంటే మర్యాద కన్నా దూరమే ఎక్కువ వినపడుతుంది.

మేనమామ గారూ, ముద్దుల దగ్గర ఇంకో గుంట ఉంది. డిక్షనరీలో ముద్దుకి "బేజే" అని కనిపిస్తుంది. నామవాచకంగా పరవాలేదు, అదే క్రియగా వాడితే బూతు. "గ్రో బిజూ" అని ముగించండి, చాలు. నిన్ను ప్రేమిస్తున్నా అనే "జ తేమ్" తర్వాత చాలా అనే "బోకూ" తగిలించొద్దు, ప్రేమ పెరగకపోగా పలచబడుతుంది, నువ్వంటే నాకు అభిమానమే అన్నట్టు ఉంటుంది. "జ తేమ్ త్రే ఫోర్" అనాలి, గట్టిగా అని. ఇంట్లో పిల్లలతో అనే మాట అది.

యానాం అబ్బాయి:
మా ఊళ్ళో 1954 దాకా ఫ్రెంచివాళ్ళే ఉన్నారండి. మా ముత్తాత తెలుగు అక్షరాల్లో ఫ్రెంచి రాసుకునేవాడని ఇంట్లో చెప్తారు. ముక్కుతో పలికేవాటికి అరసున్న పెట్టండి. నిండు సున్న పెడితే పెద్దావిడ "మాంక్" అని న-కారం గట్టిగా పలికేస్తారు. ఫ్రెంచిలో అక్కడ హల్లు పలకరు, అచ్చే ముక్కులోంచి వస్తుంది.

తార్నాక ఫ్రెంచి టీచర్:
ఇది బాగుంది, మా స్టూడెంట్స్‌కీ చెప్తాను. "త్యూ" ఒక్కటి అక్షరంతో తేలదు. "ఈ" అంటూనే పెదాలు సున్నాలా చుట్టమనండి. ఇంకో సంగతి, త, ద మన పళ్ళ దగ్గరివే. ఇంగ్లీషు ట, డ లతో వచ్చినవాళ్ళ కన్నా ఆవిడ బాగా పలుకుతారు.

మల్కాజ్‌గిరి మేనమామ:
థాంక్స్ టీచర్ గారూ. మరి అమ్మమ్మ అనే మాటని "మమీ" చేయాలా?

దిల్‌సుఖ్‌నగర్ లక్ష్మి:
మమీ అంటే అటువైపు నానమ్మ అనుకుంటుందేమో కదా? వాళ్ళకి అమ్మమ్మకీ నానమ్మకీ వేరే మాటల్లేవు.

తార్నాక ఫ్రెంచి టీచర్:
అవును, అందుకే అమ్మమ్మని అలాగే ఉంచండి. అచ్చుతో మొదలవుతుంది కాబట్టి నీ అమ్మమ్మ అనడానికి "తోన్ అమ్మమ్మ" అవుతుంది, "తా అమ్మమ్మ" కాదు.

మామిడిపళ్ళ సంగతి చూసుకోండి. అక్కడ పెద్ద సెలవులు జులై, ఆగస్టుల్లో. అప్పటికి హైదరాబాద్‌లో వానలు, బంగినపల్లి సీజన్ అయిపోతుంది. ఏప్రిల్ వైపు రెండు వారాల వసంత సెలవులుంటాయి గానీ అప్పుడు కాయ ఇంకా మొదలే. ఆరేళ్ళ పిల్ల మాట గుర్తుపెట్టుకుంటుంది. వచ్చాక పండు లేకపోతే మీ అమ్మగారికే మాట పోతుంది.

మల్కాజ్‌గిరి మేనమామ:
అమ్మ సున్నుండలకి మార్చింది. కాగితం మీద ఇలా రాసిచ్చాను:

"మోఁ త్రేజోర్, సె తోన్ అమ్మమ్మ. త్యూ ఆ బ్యాఁ మాఁజే? త్యూ మ మాఁక్ బోకూ. వ్యాఁ పూర్ లే గ్రాఁద్ వకాఁస్, జ త ఫరే దే సున్నుండలు. జ తేమ్ త్రే ఫోర్. గ్రో బిజూ."

తార్నాక ఫ్రెంచి టీచర్:
బాగుంది. "మాఁక్" తర్వాత బోకూ ఉండనివ్వండి, అక్కడ బాగానే ఉంటుంది. పలచబడేది "జ తేమ్" పక్కనే. "త్యూ ఆ బ్యాఁ మాఁజే" అంటే బాగా తిన్నావా అని మాత్రమే, అన్నం అనే మాట పోయింది, నాకూ కొంచెం బాధగానే ఉంది. కానీ అక్కడ పాపని అన్నం తిన్నావా అని అడిగితే నిజంగా అన్నమే అనుకుంటుంది.

రెండో షిఫ్ట్:
ఇంత చేసినా తెలుగు పోయినట్టే కదా? నా మాట అదే.

యానాం అబ్బాయి:
ముందు ఫ్రెంచిలో చెప్పి, వెంటనే అదే తెలుగులో చెప్తే? అర్థం తెలిశాక చెవిలో పడిన తెలుగు నిలుస్తుంది.

రెండో షిఫ్ట్:
ఫ్రెంచి అయిపోగానే పిల్ల ఫోన్ పక్కన పడేస్తుంది, చూడండి.

మల్కాజ్‌గిరి మేనమామ:
పంపేశాం, యానాం వారు చెప్పినట్టే రెండు భాషల్లోనూ. మూడు టేకులు పట్టింది. "త్యూ" దగ్గర అమ్మకి నవ్వాగలేదు, రెండో టేకులో వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. అక్క ఇంకా అలిగే ఉంది, తెలుగు ముక్క ముందు పెట్టాల్సిందంటోంది. పాప 9 సెకన్ల జవాబు పంపింది. అమ్మ ఇప్పటికి ఆరుసార్లు వింది. చివర్లో "సె క్వా, సున్నుండలు?" అంటోంది. ఏమంటోంది టీచర్ గారూ?

తార్నాక ఫ్రెంచి టీచర్:
సున్నుండలంటే ఏంటని అడుగుతోంది. దీనికి మాత్రం నేను ఫ్రెంచి రాసివ్వను. మినప్పప్పు వేయించే దగ్గర్నుంచి వీడియో తీసి పంపమనండి.